వేరు చుట్టూ రెండు మిల్లీమీటర్లు

యాభై కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. దుక్కిలో వేసిన ఆ భాస్వరంలో మొదటి పంటకు దక్కేది సాధారణంగా నాలుగో వంతుకు మించదు. మిగిలింది ఎక్కడికీ పోదు. యూరియాలోని నత్రజనిలా గాలిలో కలవదు, నీటితో పాటు లోతుకూ పెద్దగా జారదు. నల్లరేగడిలో సున్నంతో, ఎర్ర నేలల్లో ఇనుముతోనూ అల్యూమినియంతోనూ జతకట్టి, నీటిలో కరగని రూపంలో అక్కడే ఉండిపోతుంది. ఏటా డీఏపీ వేస్తూ వచ్చిన పొలంలో ఈ నిల్వ పేరుకుంటూ పోతుంది. తెలంగాణలో వ్యవసాయాధికారులు డీఏపీ తగ్గించి భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా, అంటే పీఎస్‌బీ, వాడమని రైతులకు చెబుతున్నది ఈ నిల్వను చూసే.

మట్టిలో అంత భాస్వరం ఉండగా మొక్కకు కొరత ఎందుకంటే, వేరు కరిగిన భాస్వరాన్నే పీల్చుకోగలదు. మట్టిలోని తేమలో ఏ క్షణంలోనైనా కరిగి ఉండేది అత్యల్పం. అది కూడా చాలా నెమ్మదిగా కదులుతుంది. దాంతో వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా తీసేసుకున్నాక, బయటి నుంచి కొత్తది వచ్చేలోపే ఆకలి మొదలవుతుంది. మొక్క ముందున్న దారులు రెండు: కరగనిదాన్ని అక్కడికక్కడే కరిగించుకోవాలి, లేదా కొత్త వేళ్లు వేసి ఇంకా ఖాళీ కాని మట్టిలోకి వెళ్లాలి. ఈ రెండింటిలోనూ వేరు పొరుగున ఉండే బ్యాక్టీరియాకు చేయి ఉంది.

వేరును అంటిపెట్టుకుని ఉండే ఆ పలుచని మట్టి పొరకు రైజోస్పియర్ అని 1904లో పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్. మొక్క ఆకుల్లో తయారు చేసుకున్న చక్కెరల్లో, ఆమ్లాల్లో కొంత భాగాన్ని వేళ్ల గుండా బయటికి వదులుతుంది. తిండి దొరికే చోటు కాబట్టి బ్యాక్టీరియా అక్కడ మూగుతుంది. నాలుగంగుళాలు పక్కకు జరిగితే అదే మట్టిలో అదే జాతి అర్ధాకలితో నిద్రాణంగా పడి ఉంటుంది. ఈ తేడా ముందుముందు చాలాచోట్ల అడ్డొస్తుంది.

భాస్వరాన్ని కరిగించే పని చాలావరకు ఆమ్లంతో జరుగుతుంది. సూడోమోనాస్, ఎంటరోబాక్టర్ వంటి జాతులు గ్లూకోజ్‌ను కణం లోపలికి పూర్తిగా తీసుకోకుండానే, పై పొరల మధ్య దాన్ని గ్లూకోనిక్ ఆమ్లంగా మార్చి బయటికి వదిలేస్తాయి. ఆ ఆమ్లం సున్నపు భాస్వరాన్ని కరిగిస్తుంది. దీన్ని కంటితో చూసే పరీక్షను 1948లో రష్యన్ శాస్త్రవేత్త పికోవ్‌స్కాయా రూపొందించింది. లీటరు మాధ్యమంలో 10 గ్రాముల గ్లూకోజ్, 5 గ్రాముల కాల్షియం ఫాస్ఫేట్ కలిపి గాజు పళ్లెంలో పోస్తే, ఆ ఫాస్ఫేట్ కరగక పాలలా తెల్లగా కనిపిస్తుంది. దాని మీద బ్యాక్టీరియాను చుక్కగా పెట్టి కొన్ని రోజులు ఉంచుతారు. ఆమ్లం వదిలే జాతి అయితే దాని చుట్టూ తెలుపు విరిగి, అద్దంలా పారదర్శకమైన వలయం ఏర్పడుతుంది. మన దేశంలో ఈ వలయానికి చట్టబద్ధమైన హోదా కూడా ఉంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పీఎస్‌బీగా అమ్మే జాతి కనీసం 5 మిల్లీమీటర్ల వలయం చూపాలి.

చూడటానికి ముచ్చటైన పరీక్షే. చిక్కంతా ఆ పళ్లెంలోని సౌకర్యాల దగ్గర ఉంది. లీటరుకు పది గ్రాముల గ్లూకోజ్ అంటే బ్యాక్టీరియాకు విందు భోజనం. పొలంలో అంత చక్కెర ఎవరూ పోయరు. రెండో సంగతి, పళ్లెంలో ఆమ్లాన్ని అడ్డుకునేది దాదాపు ఏమీ లేదు. నల్లరేగడిలో సున్నం కణాలు నిండి ఉంటాయి, విడుదలైన ఆమ్లాన్ని అవి వెంటనే చప్పబరుస్తాయి. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1990ల చివర్లో దీన్నే పరీక్షించారు. మాధ్యమానికి నల్లరేగడిలా ఆమ్లాన్ని తట్టుకునే గుణం కల్పించగానే, మామూలు పళ్లెంలో బాగా పనిచేసిన జాతులు చతికిలపడ్డాయి. తర్వాత వాళ్లు ఆ కష్టమైన మాధ్యమంలోనే వెతికి, కంది వేళ్ల దగ్గర నుంచి ఎంటరోబాక్టర్ ఆస్‌బురియే అనే జాతిని పట్టుకున్నారు. అది మిగతావాటికంటే గ్లూకోనిక్ ఆమ్లాన్ని చాలా ఎక్కువగా వదులుతూ అక్కడా నిలిచింది. పరీక్ష కఠినమైతే గెలిచేవాళ్లు మారిపోయారన్నమాట.

ఎర్ర నేలల సంగతి వేరు. అక్కడ భాస్వరం ఇనుముకు అతుక్కుని ఉంటుంది. నేలను కొంచెం పులిపిస్తే అది విడిపోదు. ఇనుమును గట్టిగా పట్టుకుని లాగే ప్రత్యేకమైన ఆమ్లాలు కావాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జపాన్ శాస్త్రవేత్తలు భాగస్వాములై చేసిన పరిశోధన 1990లో వెలువడింది. ఎర్ర నేలలో మిగతా పంటలు భాస్వరానికి ముఖం వాస్తుంటే కంది మాత్రం ఎలా నెట్టుకొస్తోందో అందులో తేలింది. కంది వేరే స్వయంగా పిసిడిక్ ఆమ్లాన్ని, దాని సంబంధిత పదార్థాలను వదిలి ఇనుము నుంచి భాస్వరాన్ని విడిపించుకుంటోంది. ఇందులో బ్యాక్టీరియా గొప్పతనం లేదు, అంతా మొక్క సొంత తెలివి. కానీ దీనివల్ల ఒక విషయం స్పష్టమైంది: సున్నపు ఫాస్ఫేట్ పళ్లెంలో మార్కులు తెచ్చుకున్న బ్యాక్టీరియా చల్కా నేలలో పాసవుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. యోవ్ బషాన్, ఆయన సహచరులు 2013లో ఇదే వాదించారు. కాల్షియం ఫాస్ఫేట్‌నే అన్ని నేలలకూ ఒకే కొలబద్దగా వాడటం తగదనీ, ఏ నేలకు పంపాలో ఆ నేలలోని ఫాస్ఫేట్‌తోనే పరీక్షించాలనీ, చివరికి మొక్క మీద చూడాలనీ వారి మాట. సాధారణంగా ప్యాకెట్ మీద నేల రకం కనబడదు కాబట్టి ఈ మాట ఇప్పటికీ అంతే అవసరం.

రెండో దారి, అంటే వేరును పెంచడం, హార్మోన్లతో జరుగుతుంది. మన దుకాణాల్లో నత్రజని బ్యాక్టీరియాగా దొరికే అజోస్పైరిల్లం దీనికి మంచి ఉదాహరణ. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుందన్న ఆశతోనే 1970లలో దాని మీద శాస్త్రవేత్తల దృష్టి పడింది. అయితే 1979లో టీన్, గాస్కిన్స్, హబ్బెల్ అనే అమెరికా పరిశోధకులు సజ్జ మీద చేసిన ప్రయోగంలో, ఈ బ్యాక్టీరియా ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం వంటి మొక్కల హార్మోన్లను స్వయంగా తయారు చేస్తోందని తేలింది. పక్కవేళ్లు, వేరు వెంట్రుకలు పెరిగాయి. మొక్కకు దక్కిన లాభంలో నత్రజని వాటా చిన్నదనీ, వేరు విస్తరించి నీటినీ పోషకాలనూ ఎక్కువగా అందుకోవడమే పెద్దదనీ తర్వాత చాలామంది అభిప్రాయానికి వచ్చారు.

ఆ హార్మోనే కారణమని తేల్చాలంటే అది చేయలేని బ్యాక్టీరియాతో పోల్చాలి. కెనడాలో పాటెన్, గ్లిక్ 2002లో సరిగ్గా అదే చేశారు. సూడోమోనాస్ పుటిడాలో ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం తయారీకి కావలసిన జన్యువును పాడుచేసి, ఆవాల జాతికి చెందిన కనోలా గింజలకు పట్టించారు. మామూలు బ్యాక్టీరియా పట్టించిన గింజల వేళ్లు, జన్యువు పాడైన దాన్ని పట్టించిన గింజల వేళ్లకంటే సగటున 35 నుంచి 50 శాతం పొడవుగా వచ్చాయి. మిగతాదంతా ఒకటే, తేడా ఆ ఒక్క జన్యువే.

హార్మోన్‌తో ఒక పేచీ ఉంది. ఆక్సిన్ కొద్దిగా ఉంటే వేరు పెరుగుతుంది, ఎక్కువైతే కురచబడుతుంది. అజోస్పైరిల్లం విషయంలో గింజకు లక్ష నుంచి పది లక్షల కణాలు అందితే మేలనీ, పది కోట్ల దాకా వెళ్తే వేరు కుంగుతుందనీ ప్రయోగాలు చెబుతున్నాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితం అన్న ఎరువుల లెక్క ఇక్కడ చెల్లదు.

ఇక ప్యాకెట్‌ను పొలానికి తీసుకెళ్దాం. నిబంధన ప్రకారం పొడి రూపంలోని పీఎస్‌బీలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. ఎకరాకు రెండు కిలోలు చల్లితే మొత్తం 10 వేల కోట్లు. వినడానికి బ్రహ్మాండమే. అయితే ఎకరంలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు, అంటే 90 కోట్ల గ్రాములు. భాగిస్తే గ్రాముకు వచ్చేది నూటపది కణాలు. అదే గ్రాములో అప్పటికే తరతరాలుగా పాతుకుపోయిన బ్యాక్టీరియా పదుల కోట్లలో ఉంటుంది. కుంభమేళాలో నూరుమంది కొత్తవాళ్లను దింపినట్టే. పైగా వాళ్లలో చాలామందికి తిండి దొరికే వేరు అల్లంత దూరం.

అదే పొడిని గింజకు పట్టిస్తే లెక్క మారిపోతుంది. ఎకరాకు 8 కిలోల మొక్కజొన్న విత్తనమంటే దాదాపు 30 వేల గింజలు. 200 గ్రాముల పొడిలో వెయ్యి కోట్ల కణాలు, గింజకు 3 లక్షల పైచిలుకు. కొన్ని రాలిపోయినా, కొన్ని చచ్చినా, మొలకెత్తే వేరు పుట్టుకతోనే వాటిని వెంట తీసుకెళ్తుంది. పది రెట్లు తక్కువ సరుకుతో చేరాల్సిన చోటికి చేర్చడమంటే ఇదే. అయితే మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనం మార్కెట్‌కు వచ్చేసరికే గులాబీ రంగో ఆకుపచ్చ రంగో పూసుకుని శిలీంద్రనాశినితో వస్తుంది. ఆ మందు పొర మీద బ్యాక్టీరియా చాలాసేపు బతకదు. పత్తి విత్తనానిదీ ఇదే బాధ. మందు పూయని వేరుశనగ, కంది, మినుము విత్తనాలకైతే బెల్లం నీళ్లతో తడిపి, పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తుకోవచ్చు. శిలీంద్రనాశిని, పురుగుమందు కూడా తప్పనిసరి అయితే వాటిని ముందు పట్టించి, బ్యాక్టీరియాను అన్నింటికంటే చివర పట్టించాలి. రంగు పూసిన విత్తనం వాడేవాళ్లకు మిగిలింది ఒకటే దారి: రెండు కిలోల పొడిని 200 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, నీడలో కాస్త తేమ ఉండేలా ఉంచి, చల్లేయకుండా విత్తే సాళ్లలో వేయడం. పెంటలో బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది, వేరూ దగ్గరవుతుంది.

ఇంత చేసినా ఫలితం ప్రతి పొలంలో రాదు. అర్జెంటీనాలో 2002-2006 మధ్య 297 గోధుమ పొలాల్లో అజోస్పైరిల్లం పరీక్షించారు. హెక్టారుకు సగటున 260 కిలోలు, అంటే 8 శాతం పెరిగింది. దిగుబడి పెరిగిన పొలాలు సుమారు 70 శాతం. మిగతా చోట్ల తేడా లేదు. ప్రయోగాలు ఇన్నిచోట్ల జరిగాయి కాబట్టే ఈ అంకెకు విలువ. ఒక్క పొలంలో ఒక్క ఏడాది చూసిన 8 శాతం తేడా వానల వల్లో, నేల ఎత్తుపల్లాల వల్లో రావచ్చు.

కాబట్టి రైతు తనకు తాను చూసుకోవాలంటే పొలం మొత్తానికి ప్యాకెట్ వేయకూడదు. ఒకే నేల, ఒకే విత్తనం ఉన్న చేలో నాలుగు సాళ్లు వేసి, పక్కన నాలుగు సాళ్లు వదిలి, ఇలా మూడు నాలుగుసార్లు మార్చి మార్చి పెట్టాలి. వదిలిన సాళ్లకు పెంట మాత్రం తప్పకుండా వేయాలి, లేకపోతే పెంట చేసిన మేలు బ్యాక్టీరియా ఖాతాలో పడుతుంది. డీఏపీ తగ్గించే ముందు భూసార పరీక్షలో లభ్య భాస్వరం ఎక్కువగా ఉందని నిర్ధారించుకోవాలి. నిల్వే లేని నేలలో కరిగించడానికేమీ ఉండదు. నెల రోజులకు రెండు రకాల సాళ్ల నుంచీ నాలుగేసి మొక్కలను పారతో లోతుగా తవ్వి తీసి, బకెట్ నీళ్లలో మట్టి మెల్లగా కడిగి, పక్కపక్కన తడి గోనెసంచి మీద పరచి పక్కవేళ్లు లెక్కపెడితే, ఆ ప్యాకెట్‌లో బతికున్నది ఏదైనా వేరును చేరిందో లేదో కోతకు ముందే తెలిసిపోతుంది.