ఆ కుర్చీకి ఎంత దూరం?

*ఐదేళ్ల తర్వాత చేయాలనుకున్న ఉద్యోగాన్ని, ఇవాళ చేతిలో ఉన్న పనిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏం బయటపడుతుంది? ఒక ఫార్మా కెమిస్ట్ లెక్క ఇది.*

మందు ముడిసరుకు శాంపిల్‌ని హెచ్‌పీఎల్‌సీలో ఇంజెక్ట్ చేశారు. అసలు మందు పీక్ పక్కన చిన్న పీక్ ఒకటి లేచింది. లెక్క కడితే 0.12 శాతం మలినం. స్పెసిఫికేషన్‌లో ఆ మలినానికి ఇచ్చిన పరిమితి 0.15 శాతం. కెమిస్ట్ ‘కంప్లైస్’ అని రాసి, సంతకం పెట్టి, తర్వాతి శాంపిల్ అందుకుంటుంది. ఆమె పనిలో తప్పేమీ లేదు.

అదే కాగితం రెగ్యులేటరీ అఫైర్స్ విభాగానికి చేరితే అక్కడ లేచే ప్రశ్న వేరు. 0.15 సరే, దానికన్నా ముందే ఇంకో గీత దాటామా? రోజుకు 2 గ్రాములకు మించని మోతాదులో వాడే మందుల విషయంలో ఐసీహెచ్ క్యూ3ఏ మార్గదర్శకం ఒక గీత గీసింది. మలినం 0.10 శాతాన్ని గానీ, రోజుకు ఒక మిల్లీగ్రామును గానీ, రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటితే దాని రసాయన నిర్మాణం ఏమిటో తేల్చాలి. మన మందును రోజుకు 500 మిల్లీగ్రాములు వాడతారనుకుంటే 0.10 శాతమంటే అర మిల్లీగ్రామే కాబట్టి ఇక్కడ 0.10 శాతమే గీత. మన 0.12 దాన్ని దాటేసింది. నిర్మాణం తేల్చిన ఆధారం ఫైల్లో ఉందా? లేకపోతే అమెరికా ఎఫ్‌డీఏ అడిగినప్పుడు ఏం చెబుతాం?

ఒకే అంకె మీద రెండు విభాగాల్లో రెండు రకాల ఆలోచన నడుస్తోంది. ఒక గదిలోంచి రెండో గదిలోకి వెళ్లాలనుకునేవాళ్లు కొలుచుకోవాల్సింది ఆ తేడానే.

కొలిచి చూడటానికి ఒకమ్మాయిని ఊహించుకుందాం. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చేసింది. పాశమైలారంలోనో పరవాడలోనో ఒక కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో ఐదేళ్లుగా పని చేస్తోంది. షిఫ్టులతో విసిగింది. ఐదేళ్లు తిరిగేసరికి రెగ్యులేటరీలో అసిస్టెంట్ మేనేజర్ కావాలని ఆమె కోరిక. ఇలాంటి కోరిక కలగ్గానే మనవాళ్లు చేసే మొదటి పని కోర్సులు వెతకడం. నన్నడిగితే కోర్సు అన్నిటికన్నా చివర ఆలోచించాల్సిన విషయం.

పదవి కాదు, పనులు

ముందు ఆ ఉద్యోగంలో ఏం చేస్తారో తెలియాలి. ఉద్యోగ ప్రకటనలు ఓ పది పోగేస్తే సగం మాటలు దేనికైనా సరిపోయేవే కనిపిస్తాయి. కలుపుగోలుతనం, చొరవ, ఒత్తిడిని తట్టుకోవడం లాంటివి. వాటిని కొట్టేయొచ్చు. మిగిలిన వాటిలో కూడా ప్రకటన రాసినవాళ్ల ఆశలే ఎక్కువ. ప్రకటనలో అడిగినవన్నీ ఉన్న మనిషి ఆ విభాగంలో ఇప్పటికే ఎవరైనా ఉన్నారా అంటే అనుమానమే.

అంతకన్నా నికరమైన దారి, ఆ కుర్చీలో ఉన్నవాళ్లనే అడగడం. అదీ ‘మీ ఉద్యోగం ఎలా ఉంటుంది’ అని కాదు. ‘మేడమ్, పోయిన నెలలో మీ చేతి మీదుగా ఏయే కాగితాలు బయటికెళ్లాయి?’ అని అడగాలి. జవాబు ఇంచుమించు ఇలా ఉంటుంది. మందు నాణ్యత వివరాలుండే మాడ్యూల్ 3 భాగాలు రాశారు. ఎఫ్‌డీఏ పంపిన లోపాల లేఖకు జవాబు తయారు చేశారు. ప్లాంటులో చేయబోయే ఒక మార్పుకు ముందుగా అనుమతి కావాలా, తెలియజేస్తే చాలా, వార్షిక నివేదికలో రాస్తే సరిపోతుందా అన్నది తేల్చారు. ప్లాంటు నుంచి వచ్చిన వాలిడేషన్ నివేదికలు చదివి తప్పులు పట్టారు. ఇద్దరు ముగ్గురు జూనియర్ల పని దిద్దారు.

ఈ ఐదు పనులే మన కాగితంలో ఐదు వరుసలు. ఇరవై వరుసలు రాసుకునే వాళ్లూ ఉంటారు, కానీ అంత పెద్ద పట్టికను వారం తర్వాత మళ్లీ తెరిచి చూసినవాళ్లు అరుదు.

రాయకపోతే చేయనట్టే

ఫార్మాలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే అందరూ వినే మాట ఇది. లాగ్‌బుక్‌లో లేని పని జరగని పని కిందే లెక్క. ఆమె తన మీద కూడా ఇదే నియమం పెట్టుకోవాలి. ‘వాలిడేషన్ బాగా వచ్చు’ అని రాస్తే కుదరదు. చివరిసారి ఎప్పుడు చేసింది, ఏ రిపోర్టులో ఉంది, అందులో ఆమె సంతకం ఎక్కడుంది అన్నది చూపాలి. చూపలేకపోతే ఆ నైపుణ్యానికి మార్కు లేదు.

మార్కులు సున్నా నుంచి నాలుగు దాకా చాలు. అసలు తెలియకపోతే సున్నా. చదివి తెలుసుకుంటే ఒకటి. ఒకరి పర్యవేక్షణలో చేసి ఉంటే రెండు. సొంతంగా చేయగలిగితే మూడు. ఇంకొకరికి నేర్పి, వాళ్ల పనికి తాను పూచీ పడగలిగితే నాలుగు. కోరుకున్న కుర్చీకి ప్రతి వరుసలో ఎంత అవసరమో పక్కన వేసుకోవాలి. మన అసిస్టెంట్ మేనేజర్‌కు దాదాపు అన్నింటా మూడు కావాలి.

ఇక్కడ మోసం చేసేది మన కన్నే. ఆమె వాలిడేషన్‌కు మూడు వేసుకుంది. మార్కులు లేని ఖాళీ పట్టికను తన సెక్షన్ హెడ్‌కు కూడా ఇచ్చింది. ఆయన రెండు వేశారు. ‘సార్, ఐదేళ్లుగా చేస్తున్నాను కదా’ అంటే, ‘ఇంజెక్షన్లు నువ్వే వేశావమ్మా, కాదనను. ప్రోటోకాల్ ఎవరు రాశారు? ఆ పరిధినే ఎందుకు తీసుకున్నారో ఆడిటర్ అడిగితే నువ్వు చెప్పగలవా?’ అన్నారు. యంత్రం నడపడం వేరు, ఆ యంత్రంతో ఏం తేల్చాలో నిర్ణయించడం వేరు. ఏళ్ల అనుభవం మొదటిదాన్ని మాత్రమే పెంచుతుంది. రెండోదాన్ని ఎవరైనా అప్పగించాలి, లేదా మనమే అడిగి తీసుకోవాలి.

తమాషా ఏమిటంటే, ఆమె తన బలాన్నీ సరిగ్గా చూసుకోలేదు. లోపాల లేఖలకు జవాబు రాసే వరుసలో సున్నా వేసుకుంది. హెడ్ రెండు వేశారు. పరిమితి దాటిన ఫలితం వచ్చినప్పుడల్లా ల్యాబ్‌లో ఓఓఎస్ విచారణ జరుగుతుంది. శాంపిల్ తయారీలో పొరపాటా, యంత్రంలో లోపమా, లేక బ్యాచే బాగాలేదా అని ఒక్కో కారణాన్నీ ఆధారంతో కొట్టేస్తూ, మిగిలినదాన్ని నిలబెట్టాలి. ఆ నివేదికలు ఆమే రాస్తోంది. ఎఫ్‌డీఏకు జవాబు రాయడమన్నా ఇలాంటి రాతే. ఆధారం చూపుతూ, అడిగిన దానికే, అడిగినంతే చెప్పాలి. పేరు మారేసరికి తన చేతిలో ఉన్న పనినే ఆమె గుర్తుపట్టలేదు. రెండు పట్టికల్లో మార్కులు బాగా తేడా వచ్చిన చోట కూర్చుని మాట్లాడుకోవడమే ఈ కసరత్తు మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చే అరగంట.

మార్పుల వర్గీకరణలో మాత్రం అనుమానం లేదు, సున్నాయే. మాడ్యూల్ 3 రాతలో ఒకటి. జూనియర్లకు నేర్పడంలో రెండు, ఎందుకంటే కొత్తగా చేరిన వాళ్లకు శిక్షణ ఇచ్చిన రికార్డులున్నాయి.

క్యాలెండర్ వెనక్కి తిప్పితే

ఇప్పుడు మార్కుల తేడాలు చూసి, పెద్దదాని మీద ముందు పడాలనిపిస్తుంది. అక్కడే చాలామంది దారి తప్పుతారు. ఖాళీ ఎంత పెద్దదన్నది కాదు, అది దేనితో నిండుతుందన్నది చూడాలి.

కొన్ని చదువుతో నిండుతాయి. మార్పుల వర్గీకరణ అలాంటిదే. ఎఫ్‌డీఏ, ఐసీహెచ్ మార్గదర్శకాలు వాటి వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఎఫ్‌డీఏ కంపెనీలకు పంపిన హెచ్చరిక లేఖలూ బహిరంగమే. రోజుకో గంట చొప్పున కొన్ని నెలలు కూర్చుంటే సున్నా ఒకటవుతుంది. పీజీ డిప్లొమా చేసినా అయ్యేది ఆ ఒకటే. అందుకే కోర్సు చివర అన్నాను.

కొన్ని అవకాశంతోనే నిండుతాయి. జవాబులు రాయడం చేయి తిరగాలంటే నిజమైన లేఖ కావాలి. కంపెనీ ఫైళ్లు ఇంటికి తెచ్చుకుని సాధన చేయడం కుదరదు, చేయకూడదు కూడా. అయితే రెగ్యులేటరీ నుంచి క్యూసీకి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. ఇప్పటిదాకా ల్యాబ్ డేటా పంపి ఊరుకుంటోంది. ‘సార్, అనలిటికల్ భాగానికి మొదటి డ్రాఫ్ట్ నేను రాసిస్తాను’ అని అడగడానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు. ఆ డ్రాఫ్ట్ దిద్దుబాట్లతో తిరిగొస్తుంది. ఎర్ర గీతలున్న ఆ కాగితంతో నేర్చుకునేది ఏ తరగతి గదిలోనూ దొరకదు.

మూడో రకం కాలంతో తప్ప నిండదు. మాడ్యూల్ 3 రాతలో మూడుకు చేరాలంటే కనీసం ఒకటి రెండు ఫైళ్లను మొదటి నుంచి అనుమతి దాకా చూసి ఉండాలి. జెనెరిక్ మందు దరఖాస్తుకు ఎఫ్‌డీఏ మూడు బ్యాచ్‌ల మీద ఆరు నెలల స్టెబిలిటీ డేటా అడుగుతుంది. దాఖలు చేశాక సాధారణ సమీక్ష గడువు 10 నెలలు. అంటే ఏ అడ్డంకీ లేకుండా తొలి విడతలోనే అనుమతి వచ్చినా ఒక్క ఫైలుకు 16 నెలలు. లోపాల లేఖ వచ్చి రెండో విడతకు వెళ్తే రెండేళ్లు దాటడం మామూలే. కొంచెం అటూ ఇటూగా రెండు ఫైళ్లు పూర్తిగా చూడాలంటే మూడేళ్లు చేతిలో ఉండాలి.

ఐదులోంచి మూడు తీసేస్తే రెండు. ఆమె ఐదేళ్ల లక్ష్యానికి అసలు గడువు అదే. రెండో ఏడాది ముగిసేలోగా రెగ్యులేటరీ విభాగంలో ఏదో ఒక కుర్చీలో కూర్చోకపోతే, ఐదో ఏడాదికి అనుకున్న హోదా రాదు. మిగతా వరుసలన్నీ ఈ ఒక్క తేదీ చుట్టూ సర్దుకోవాలి. మొదటి ఏడాది చదువు, డ్రాఫ్టులు. రెండో ఏడాది అంతర్గత బదిలీ ప్రయత్నం. విభాగం మారేటప్పుడు జీతం పెరగకపోవచ్చు, హోదా ఓ మెట్టు తగ్గొచ్చు కూడా. ఇంట్లో ఈఎంఐలు ఉంటే ఆ సంగతి ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకో చిక్కుంది. ఆ కుర్చీ కూడా ఉన్నచోటే ఉండదు. అనలిటికల్ పద్ధతుల అభివృద్ధిపై క్యూ14, వాలిడేషన్‌పై సవరించిన క్యూ2 మార్గదర్శకాలను ఐసీహెచ్ 2023 నవంబరులో ఆమోదించింది. ఎలక్ట్రానిక్ దరఖాస్తుల కొత్త రూపం ఈసీటీడీ 4.0లో దాఖలైన కొత్త దరఖాస్తులను ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబరు నుంచి స్వీకరిస్తోంది. మాడ్యూల్ 3 అమరికనే మార్చే ఎం4క్యూ సవరణ ముసాయిదా 2025లో వెలువడింది. కాబట్టి ఏడాదికోసారి అదే ప్రశ్న అడగాలి, ‘పోయిన నెలలో ఏయే కాగితాలు వెళ్లాయి?’ అని. వరుసల్లో ఒకటి పోవచ్చు, ఒకటి చేరొచ్చు. క్యూ14 తెలిసిన కెమిస్ట్ రెగ్యులేటరీకి వస్తే, అది తెలియని పాతవాళ్ల కన్నా ఆ ఒక్క వరుసలో ముందుంటుంది.

రెండేళ్లయినా బదిలీ దొరక్కపోతే? ముడిసరుకు తయారుచేసే చిన్న కంపెనీల్లో రెగ్యులేటరీ విభాగమంటే ఒకరిద్దరే. డ్రగ్ మాస్టర్ ఫైలు రాసేదీ, ప్రశ్నలకు జవాబిచ్చేదీ వాళ్లే. పేరు చిన్నదైనా, అక్కడ మూడేళ్లలో దాటే ఫైళ్లు పెద్ద కంపెనీలో ఐదేళ్లకూ దాటకపోవచ్చు. అది వద్దనుకుంటే అనలిటికల్ ఆర్ అండ్ డీ ఉంది. ఆ ఉద్యోగాన్ని కూడా ఐదు వరుసలుగా రాసి, ఇవే మార్కులు పక్కన పెడితే, వాలిడేషన్ ప్రోటోకాల్ రాయడం నేర్చుకుంటే చాలు, సగం ఖాళీలు మూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. అయితే షిఫ్టుల బాధ తప్పినా ల్యాబ్ కోటు మాత్రం తప్పదు. అది ఆమెకు ఇష్టమా కాదా అన్నదానికి పట్టికలో వరుస లేదు.