కిలోకి ఎంత పడింది?

బియ్యం బస్తా అంటే 25 కిలోలన్న లెక్క మన దగ్గర చాలాకాలం నడిచింది. ముందే సంచిలో నింపి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 2022 జులై 18 నుంచి ఐదు శాతం జీఎస్టీ పడింది. అది 25 కిలోల వరకే. బరువు అంతకు మించితే ఆ పన్ను లేదు. దాంతో ఇంకో కిలో కలిపి 26 కిలోల బస్తాలు కుట్టడం మొదలైంది. ఇప్పుడు బియ్యం కొట్టుకు వెళ్తే 10, 25, 26 కిలోల సంచులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకే రకం సోనా మసూరి 25 కిలోలు 1,470 రూపాయలు, 26 కిలోలు 1,500 రూపాయలు అనుకోండి. ముప్పై ఎక్కువ పెట్టి కొనేదే నిజానికి చవక. అది కిలో 57.69 పడుతుంది, మొదటిది 58.80.

ఈ వ్యాసంలోని ధరలన్నీ లెక్క చూపడానికి తీసుకున్నవి. మీ ఊళ్లో అంకెలు వేరుగా ఉంటాయి కానీ లెక్క మారదు. కట్టిన డబ్బును నికర బరువుతో భాగిస్తే కిలో ధర వస్తుంది. ఇంట్లో నెలనెలా కొనే సరుకులకు ఈ లెక్కను పట్టికగా రాసి పెట్టుకుంటే కొట్లో నిలబడి తడుముకోవాల్సిన పని ఉండదు.

పట్టికకు నాలుగు గళ్లు చాలు. మొదటి గడిలో సరుకు పేరు, రెండో గడిలో నికర బరువు గ్రాముల్లో, మూడో గడిలో బిల్లు మీద పడిన ధర, నాలుగో గడిలో కిలో ధర రాయాలి. ఫోన్‌లో షీట్ వాడేవాళ్లు నాలుగో గడిలో ఈ సూత్రం పెట్టి కిందికి లాగితే సరిపోతుంది.

```
=C2/B2*1000
```

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఐదు కిలోల గోధుమపిండికి 5000 అని రాయాల్సిన చోట 5 అని రాసేస్తారు. అప్పుడు కిలో ధర యాభై వేలో అరవై వేలో అని వస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. 500కు బదులు 50 పడినా, 250కి బదులు 350 పడినా అంత తేలిగ్గా దొరకదు. ఒకే సరుకు ప్యాకెట్ల కిలో ధరల్లో ఒకటి మాత్రం మిగతావాటికి చాలా దూరంగా ఉంటే, చవక దొరికిందని సంతోషపడే ముందు బరువు గడి మళ్లీ చూడండి.

కాగితం చేతిలో లేనప్పుడు నోటిలెక్క చాలు. అరకిలో ధరకు రెట్టింపు, పావుకిలో ధరకు నాలుగింతలు, 200 గ్రాముల ధరకు ఐదింతలు వేసుకోవాలి. 750 గ్రాములైతే ధరను మూడుతో భాగించి నాలుగుతో గుణించాలి. 870, 425 లాంటి బరువులు మాత్రం నోటిలెక్కకు లొంగవు.

అలాంటి బరువులు అల్మారాల్లో ఇంతగా కనపడటానికి కారణం ఉంది. బియ్యం, పప్పులు, పిండి, ఉప్పు, టీపొడి, నూనె లాంటి కొన్ని సరుకులను ఒకప్పుడు నిర్ణయించిన బరువుల్లోనే ప్యాక్ చేయాలనే నిబంధన ఉండేది. 2021 నవంబరులో కేంద్రం లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలను సవరించి ఆ జాబితాను తీసేసింది. ఏ బరువైనా ప్యాక్ చేసుకోవచ్చు, దానికి బదులు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించాలంది. కొన్ని వాయిదాల తర్వాత అది అమల్లోకి వచ్చింది. ఎమ్మార్పీ పక్కన చిన్న అక్షరాల్లో కనిపించే యూనిట్ సేల్ ప్రైస్ అదే.

మంచి నిబంధనే. అది చూసి కొనేవాళ్లు ఇంకా పెరగాలి. కానీ మన పట్టిక పనంతా అదే చేసిపెట్టదు, రెండు కారణాల వల్ల.

మొదటిది, ఆ అంకెను ఎమ్మార్పీ మీద లెక్కిస్తారు. మనం కట్టేది చాలాసార్లు అంతకన్నా తక్కువ. ఒకే కంపెనీ కందిపప్పు అరకిలో ఎమ్మార్పీ 95, కిలో 185, రెండు కిలోలు 365 ఉన్నాయనుకుందాం. ఎమ్మార్పీ ప్రకారం కిలో ధర వరుసగా 190, 185, 182.50 అవుతుంది కాబట్టి పెద్ద ప్యాకెట్టే చవక. సూపర్‌మార్కెట్‌లో తగ్గింపు పోగా అవే ప్యాకెట్లు 84, 162, 338 రూపాయలకు వచ్చాయి. ఇప్పుడు కిలోకి 168, 162, 169. ప్యాకెట్ల మీది ముద్ర ప్రకారం అన్నిటికన్నా చవకైన రెండు కిలోల సంచి బిల్లులో అన్నిటికన్నా ఖరీదైపోయింది. తగ్గింపు ప్రతి సైజు మీదా ఒకే శాతం ఉండదు. తొందరగా అమ్ముడుపోవాల్సిన సైజు మీద ఎక్కువ తగ్గిస్తారు.

రెండోది పైసల సర్దుబాటు. కిలో కన్నా తక్కువ ప్యాకెట్‌కు గ్రాము ధర, కిలో దాటిన ప్యాకెట్‌కు కిలో ధర వేయాలి, రెండు దశాంశ స్థానాల వరకే వేయాలి. కచ్చితంగా కిలో ప్యాకెట్‌కు ఎమ్మార్పీయే కిలో ధర కాబట్టి విడిగా వేయక్కర్లేదు. ఖరీదైన జీలకర్రకు, యాలకులకు ఈ పద్ధతి సరిపోతుంది. చవక సరుకుల దగ్గరే ఇబ్బంది. అరకిలో బొంబాయి రవ్వ 32 రూపాయలైతే గ్రాముకు 0.064 పడుతుంది. ప్యాకెట్ మీద 0.06 అని ఉంటుంది. దాన్ని వెయ్యితో గుణించినవాళ్లకు కిలో అరవై అనిపిస్తుంది. పక్కన కిలో ప్యాకెట్ 62 ఉంటే అరకిలోదే చవకని తీసుకుంటారు. నిజానికి అరకిలో లెక్కన కిలో 64 పడుతోంది. కిలో ధర 55 నుంచి దాదాపు 65 వరకు ఎంతున్నా ముద్రలో అదే 0.06. అందుకే పప్పు, రవ్వ, పిండి, ఉప్పు దగ్గర ముద్రించిన గ్రాము ధరను నమ్ముకోకుండా కట్టిన ధర నుంచే లెక్క వేసుకోవాలి.

ఇక నూనె సంగతి. పట్టిక లేకుండా కంటితో చూసి పోల్చడం అన్నిటికన్నా కష్టమైన సరుకు ఇదే. కొన్ని ప్యాకెట్లు లీటర్లలో, కొన్ని గ్రాముల్లో, డబ్బాలు కొన్ని కిలోల్లో, కొన్ని లీటర్లలో వస్తాయి. లీటరు నూనె కిలో తూగదు. లీటరు పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ మీద సాధారణంగా 910 గ్రాములని ఉంటుంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అదే లీటరులో పట్టే బరువు తగ్గుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే ఉంటుంది. కొందరు 60 డిగ్రీల దగ్గరి కొలత అని వేసి తక్కువ బరువు ఇస్తున్నారని గమనించిన వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణంతో పాటు బరువు కూడా ముద్రించాలని 2022 ఆగస్టులో కంపెనీలకు చెప్పింది. కాబట్టి నూనె కొనేటప్పుడు లీటర్ల అంకెను వదిలేసి దాని పక్కనున్న గ్రాములు చూడాలి. ఒకే కంపెనీ పొద్దుతిరుగుడు నూనెను అలా పట్టికలో వేస్తే ఇలా వచ్చింది.

| ప్యాకు | నికర బరువు (గ్రా.) | కట్టిన ధర (రూ.) | కిలో ధర (రూ.) |
|---|---|---|---|
| 15 కిలోల డబ్బా | 15,000 | 2,430 | 162.00 |
| లీటరు ప్యాకెట్ | 910 | 148 | 162.64 |
| 870 గ్రాముల ప్యాకెట్ | 870 | 143 | 164.37 |
| 15 లీటర్ల డబ్బా | 13,650 | 2,280 | 167.03 |
| 5 లీటర్ల క్యాన్ | 4,550 | 765 | 168.13 |

రెండు ప్యాకెట్లనూ ముందు చూద్దాం. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు, రెండూ ‘లీటరు ప్యాకెట్టే’ అనిపిస్తాయి. ఐదు రూపాయలు తక్కువని 870 గ్రాములది తీసుకుంటే 40 గ్రాముల నూనె తగ్గింది, కిలో మీద దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రూపాయలు ఎక్కువ పడింది. డబ్బాలైతే మరీ తికమక. 15 అంకె పెద్దగా కనిపిస్తుంది, లీటర్లా కిలోలా అన్నది చిన్నగా ఉంటుంది. 15 లీటర్ల డబ్బా నూట యాభై రూపాయలు తక్కువకే వస్తోందని కొంటే 1,350 గ్రాముల నూనె పోయినట్టే. ఆ నూనె విలువ రెండు వందల రూపాయల పైమాటే. పెళ్లిళ్లకు, హోటళ్లకు డబ్బాలు ఎత్తేవాళ్లకు ఇది బాగా తెలుసు. పండక్కి పిండివంటల కోసం ఒక్క డబ్బా కొనే ఇళ్లలోనే పొరబడతారు.

పట్టికలో అన్నిటికన్నా పైనున్నది 15 కిలోల డబ్బా. మరి అదే కొనాలా? లీటరు ప్యాకెట్‌కూ దానికీ కిలోకు తేడా 64 పైసలు. డబ్బా మొత్తం మీద పది రూపాయలు కూడా కాదు. నెలకు మూడు లీటర్లు వాడే ఇంట్లో ఆ డబ్బా ఐదు నెలలకు పైగా వస్తుంది. ఒకసారి మూత తెరిచాక గాలి, వెలుతురు తగిలి, పొయ్యి పక్క వేడికి నూనె వాసన మారుతుంది. పది రూపాయల కోసం అంత పెట్టుబడి ఒకేసారి పెట్టి, చివరి రెండు కిలోలు వాసనొచ్చిన నూనెతో వండుకోవడం నాకైతే లాభంగా కనిపించదు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి లీటరు ప్యాకెట్లే సరి.

పారేసినదాన్ని కూడా లెక్కలో పెట్టాలి. కిలో రవ్వ 62 రూపాయలకు కొని, వానాకాలంలో పురుగు పట్టి 150 గ్రాములు పారబోశారనుకోండి. వండుకున్నది 850 గ్రాములే. 62ను 0.85తో భాగిస్తే కిలో దాదాపు 73 పడింది. 64 లెక్కన అరకిలో ప్యాకెట్ కొనుంటే తొమ్మిది రూపాయలు తక్కువలోనే తేలేది. ఏ సరుకు మీ ఇంట్లో ఎన్నాళ్లకు అయిపోతుందో మీకే తెలుసు కాబట్టి ఈ దిద్దుబాటు మీరే చేసుకోవాలి.

ఒకే రకం సరుకుల్ని మాత్రమే పోల్చాలని వేరే చెప్పక్కర్లేదు. కొత్త బియ్యాన్ని పాత బియ్యంతో, ఫిల్టర్డ్ పల్లీ నూనెను రిఫైన్డ్‌తో పక్కన పెట్టి చూస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ‘ఒకటి కొంటే ఒకటి’ లాంటివాటికి రెండు ప్యాకెట్ల బరువూ కలిపి బరువు గడిలో వేయండి. 20 శాతం అదనమని రాసున్నచోట నికర బరువు గడిలో ఆ అదనం ముందే కలిసిందేమో చూసుకోండి, లేకపోతే రెండుసార్లు కలిపేస్తారు.

చిన్న ప్యాకెట్లన్నీ ఖరీదనుకోవడానికీ లేదు. ఐదు, పది రూపాయల ప్యాకెట్ల దగ్గర కంపెనీ ధర పెంచలేదు, నాణెం దాటితే గిరాకీ పోతుంది. అందుకే ముడిసరుకు ధర పెరిగినప్పుడు ధర అలాగే ఉంచి లోపలి గ్రాములు తగ్గిస్తారు, దిగినప్పుడు కొన్నిసార్లు మళ్లీ పెంచుతారు. దీనివల్ల పది రూపాయల టీపొడి ప్యాకెట్లు ఒక్కోసారి పావుకిలో ప్యాకెట్ కన్నా కిలోకు చవకగా పడతాయి, ఇంకోసారి ఖరీదవుతాయి. బిస్కెట్లు, టీపొడి, సబ్బుల పొడి గళ్లలో పాత బరువును అలాగే ఉంచి ధర ఒక్కటే దిద్దితే పట్టిక తప్పు చూపిస్తుంది. వీటికి ఐదో గడి ఒకటి గీసి బరువు ఎప్పుడు చూశారో తేదీ వేయండి. మూడు నెలలు దాటిన వరుసల్లో కొత్త ప్యాకెట్ వెనక చూసి గ్రాములు మళ్లీ రాయాలి.