ఓడ తప్పిన సరుకుకు ఉత్తరం

గుంటూరు నుంచి మలేషియాకు మిర్చి పంపే ఒక వ్యాపారిని ఊహించుకుందాం. తేజ మిర్చి, రెండు కంటెయినర్లు, చెన్నై రేవు నుంచి పోర్ట్ క్లాంగ్‌కు. ఓడ జూన్ 16న. రెండు రోజుల ముందు కస్టమ్స్ అధికారి ఒక కంటెయినర్ తెరిపించాడు. ప్యాకింగ్ లిస్టులో అన్నీ 25 కిలోల బస్తాలని ఉంది. లోపల కొన్ని 40 కిలోలవి. మిర్చి బాగానే ఉంది, కాగితమే తప్పు. కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద షిప్పింగ్ బిల్లు సవరించుకుని, లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ తెచ్చుకునేదాకా అది ఓడెక్కదు. రెండో కంటెయినర్‌కు విడిగా షిప్పింగ్ బిల్లు వేయడం మంచిదైంది, దానికి అడ్డేమీ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది రాసేది ఒకటే: 'కస్టమ్స్ ఇబ్బందుల వల్ల కొంత ఆలస్యం, సహకరించగలరు.' దీనితో అవతలివాడు చేయగలిగింది ఏమీ లేదు. పైగా నెపం కస్టమ్స్ మీద వేస్తే, సవరించిన ప్యాకింగ్ లిస్టు చేతికందిన రోజున అసలు సంగతి అతనికే తెలుస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు లెటర్ ఆఫ్ క్రెడిట్‌తో. అందులో సరుకు ఎక్కించాల్సిన ఆఖరి తేదీ జూన్ 20 అనుకుందాం. తర్వాతి ఓడ 23న. బ్యాంకు చూసేది బిల్ ఆఫ్ లేడింగ్ మీది తేదీనే. కొనేవాడు ఫోన్లో 'పర్లేదండీ' అన్నా బ్యాంకుకు అది లెక్కలోకి రాదు; ఎల్‌సీని అతని బ్యాంకు ద్వారా సవరించాల్సిందే. కొందరు బిల్ ఆఫ్ లేడింగ్ మీద వెనకటి తేదీ వేయించే దారి వెతుకుతారు. అది మోసం కిందికి వస్తుంది.

కాబట్టి ఉత్తరం దాదాపు ఇలా ఉండాలి:

'రెండు కంటెయినర్లలో ఒకటి అనుకున్నట్టే 16న బయల్దేరుతుంది. రెండోదాని ప్యాకింగ్ లిస్టులో బస్తాల బరువు మేమే తప్పుగా రాశాం. సవరణకు ఈరోజు దరఖాస్తు పెట్టాం. 20వ తేదీలోగా అనుమతి వస్తే 23న ఓడెక్కి, నెలాఖరుకు చేరుతుంది. మీ ఎల్‌సీ పాక్షిక రవాణాను నిషేధించలేదు కనుక మొదటిదాన్ని విడిగా పంపగలం. రెండోదానికి ఆఖరి తేదీని జూన్ 30కి, గడువును దానికి తగ్గట్టు పెంచగలరా? అలా వద్దంటే రెండోదాన్ని రద్దు చేసుకోవచ్చు, లేదా రెండూ కలిపి 23నే పంపమనవచ్చు. దానికీ ఎల్‌సీ సవరణ కావాలి. రేపు సాయంత్రంలోగా చెప్పండి.'

ఆ 'రేపు సాయంత్రం' మర్యాదకు పెట్టింది కాదు. రెండూ కలిపే పంపమని కొనేవాడు కోరితే, మొదటి కంటెయినర్‌ను 16వ తేదీ ఓడ ఎక్కకుండా ఆపాలి. ఓడ కదిలాక ఆ మాట చెప్పినా లాభం లేదు. 20వ తేదీ ఉదయం దాకా అనుమతి రాకపోతే, వ్యాపారి ఆ రోజే రెండో ఉత్తరం పంపాలి. 23వ తేదీ ఓడకు కంటెయినర్లు తీసుకునే గడువు అంతకుముందే ముగిసిపోతుంది.