ఎవరికి ఏ పని? సున్నాలు చెప్పే లెక్క

ముగ్గురు వడ్రంగులున్నారు, మూడు పనులున్నాయి: ఒక తలుపు, ఒక కిటికీ, ఒక మంచం. ఒక్కొక్కరికి ఒక్కో పని ఇవ్వాలి. ఏ పనికి ఎవరు ఎంత కూలి అడుగుతారో ముందే తెలుసు. మొత్తం కూలి అన్నిటికంటే తక్కువయ్యేలా పనులు పంచడాన్ని గణితంలో కేటాయింపు సమస్య అంటారు. వాళ్లు అడిగే కూలి రూపాయల్లో ఇలా ఉందనుకోవచ్చు.

మొదటి వడ్రంగి: తలుపు 400, కిటికీ 500, మంచం 900
రెండో వడ్రంగి: తలుపు 500, కిటికీ 800, మంచం 1,400
మూడో వడ్రంగి: తలుపు 700, కిటికీ 1,100, మంచం 1,300

ఎవరికైనా మొదట తట్టేది చవకైన బేరం పట్టుకోవడం. పట్టికలో అన్నిటికంటే తక్కువ 400 కాబట్టి తలుపు మొదటివాడికి పోతుంది. మిగిలినవాటిలో తక్కువ 800, అంటే కిటికీ రెండోవాడికి. మంచం ఇక మూడోవాడిదే. మొత్తం 2,500 రూపాయలు. కానీ ఇంతకంటే తక్కువలో పని జరిగే మార్గం ఉంది. ముగ్గురికి ఉన్నవి ఆరే పంపకాలు కాబట్టి అన్నీ రాసి చూసుకోవచ్చు. పదిమందైతే 36,28,800 పంపకాలు. ఇరవైమందైతే ఆ సంఖ్యకు 19 అంకెలు.

ఈ చిక్కు విప్పే పద్ధతిని అమెరికా గణితవేత్త హెరాల్డ్ కూన్ 1955లో ప్రచురించాడు. దానికి ఆధారం డేనెష్ కోనిగ్, యేనో ఎగర్వారీ అనే ఇద్దరు హంగరీ గణితవేత్తల ఫలితాలు. ఎగర్వారీ 1931లో హంగేరియన్‌లో రాసిన వ్యాసాన్ని కూన్ నిఘంటువు, వ్యాకరణ పుస్తకం ముందు పెట్టుకుని చదివాడు. ఆ ఋణం గుర్తుగానే తన పద్ధతికి హంగేరియన్ పద్ధతి అని పేరు పెట్టాడు.

పద్ధతికి ప్రాణం ఒక చిన్న గమనిక. ఏ పంపకంలోనైనా ప్రతి అడ్డు వరుస నుంచి ఒకే అంకె, ప్రతి నిలువు వరుస నుంచి ఒకే అంకె వస్తాయి. అందువల్ల ఒక వరుసలోని అంకెలన్నిటి నుంచీ ఒకే మొత్తం తీసేస్తే, ప్రతి పంపకం ఖర్చూ సరిగ్గా అంతే తగ్గుతుంది. ఏది చవకో ఆ క్రమం మారదు.

కాబట్టి ముందు ప్రతి అడ్డు వరుసలో కనిష్ఠమైన 400, 500, 700 తీసేయాలి. తర్వాత నిలువు వరుసల్లో మిగిలిన కనిష్ఠాలు తీయాలి: తలుపు కింద 0, కిటికీ కింద 100, మంచం కింద 500. మిగిలేది ఇది:

మొదటివాడు: 0, 0, 0
రెండోవాడు: 0, 200, 400
మూడోవాడు: 0, 300, 100

తీసినదంతా కలిపితే 2,200. మిగిలిన అంకెల్లో రుణ సంఖ్య లేదు కాబట్టి ఏ పంపకమూ 2,200 కంటే తక్కువకు రాదు. ఒక్కొక్కరికి వేర్వేరు పనిలో సున్నా దొరికితే సరిగ్గా అంతకే పని ముగిసేది. కానీ ఇక్కడ రెండోవాడికి, మూడోవాడికి ఉన్న ఒక్క సున్నా తలుపు దగ్గరే ఉంది.

ఇలా ఇరుక్కున్నామని గీతలు చెబుతాయి. సున్నాలన్నిటినీ వీలైనన్ని తక్కువ గీతలతో కొట్టేయాలి. ఇక్కడ మొదటి అడ్డు వరుస మీద ఒకటి, తలుపు నిలువు వరుస మీద ఒకటి చాలు. కోనిగ్ సిద్ధాంతం ప్రకారం ఆ కనిష్ఠ గీతల సంఖ్య, ఒకదానికొకటి అడ్డురాకుండా ఎంచుకోగల సున్నాల గరిష్ఠ సంఖ్యకు సమానం. కావలసినవి మూడు, వచ్చినవి రెండు.

అప్పుడు గీత పడని అంకెల్లో కనిష్ఠమైన 100ను గీత పడని అంకెలన్నిటి నుంచీ తీసేసి, గీతలు రెండూ కలిసే చోట కలపాలి. ఈ కలపడం మరచిపోవడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. నిజానికి ఇది రెండో, మూడో వరుసల నుంచి 100 చొప్పున తీసి, తలుపు నిలువు వరుసకు 100 కలపడమే. నికరంగా తగ్గింది 100. అంటే కనీస ఖర్చు 2,300 దగ్గరకు వచ్చింది.

మొదటివాడు: 100, 0, 0
రెండోవాడు: 0, 100, 300
మూడోవాడు: 0, 200, 0

ఇప్పుడు రెండోవాడికి తలుపు తప్ప వేరే సున్నా లేదు. కాబట్టి మూడోవాడికి మంచం, మొదటివాడికి కిటికీ. అసలు కూలి 500, 1,300, 500 కలిపితే 2,300. ఇంతకంటే తక్కువ అసాధ్యమని లెక్కే రుజువు చేసింది, మిగిలిన పంపకాలు చూడనక్కర్లేదు. ఒకసారి సర్దినా గీతలు చాలకపోతే అదే అడుగు మళ్లీ వేయాలి. 1957లో జేమ్స్ మంక్రెస్ ఈ అడుగుల సంఖ్యకు హద్దు చూపించాడు. తర్వాత మెరుగుపడిన రూపాల్లో మనుషులు, పనులు రెట్టింపైతే లెక్క సుమారు ఎనిమిది రెట్లే పెరుగుతుంది.

పనులకంటే మనుషులు ఎక్కువుంటే సున్నా ఖర్చుతో ఒక ఉత్తుత్తి పనిని చేర్చాలి. అది వచ్చినవాడు ఖాళీగా ఉంటాడు. ఒకరు ఒక పని చేయలేకపోతే ఆ గడిలో చాలా పెద్ద అంకె వేయాలి. అయితే ఇద్దరిని కలిపి పెడితేనే కూలి తగ్గుతుందనే బేరానికి ఈ పట్టికలో చోటు లేదు. అలాంటి లెక్కకు హంగేరియన్ పద్ధతి పనికిరాదు.