అమ్మ చూపు ఎటు పోయింది?

షష్టిపూర్తి గ్రూప్ ఫొటోలో పద్నాలుగు మంది ఉన్నారు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ తప్ప అందరూ బాగా పడ్డారు. సరిగ్గా ఫ్లాష్ వెలిగినప్పుడే ఆవిడ రెప్ప వేశారు. పొద్దున కిటికీ పక్కన మనవడితో తీసిన ఫొటోలో ఆవిడ ముఖం నిండుగా ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించాను. రంగు కుదిరింది, అతుకూ తెలియలేదు. కానీ చూడగానే వాళ్లమ్మాయి, "అమ్మ మనల్ని చూడట్లేదేంటన్నయ్యా?" అంది.

ఆమె పట్టుకున్న తప్పులో రెండు పొరలున్నాయి. ఒకటి చూపు: కిటికీ దగ్గర ఆవిడ ఫొటోకి ఎడమ వైపున్న మనవణ్ని చూస్తున్నారు. రెండోది కంట్లో మెరిసే తెల్ల చుక్క. స్టూడియోల్లో దాన్ని క్యాచ్‌లైట్ అంటాం. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర చిన్న కుంభాకార అద్దంలా ఎదుటి దీపాన్ని చూపిస్తుంది. పక్కవాళ్ల కళ్లలో సాఫ్ట్‌బాక్స్ చతురస్రంగా, గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోట మెరుస్తోంది. పెద్దావిడ కళ్లలో మాత్రం కిటికీ నిలువుగా, పది గంటల చోట ఉంది. చూసేవాళ్లకి ఇదేదీ విడమరిచి తెలియదు, మనిషి అక్కడ లేనట్టు మాత్రం అనిపిస్తుంది.

ముందు నీడ చూసుకోవాలి. ముక్కు నీడ ఒక దిక్కుకి గట్టిగా పడి, తక్కినవాళ్ల నీడ ఎదురు దిక్కుకి పడితే, కంట్లో చుక్క మార్చి లాభం లేదు. ఆ ముఖాన్ని వదిలెయ్యడమే. ఇక్కడ కిటికీ వెలుగు మెత్తగా ఉంది కాబట్టి బుగ్గ మీద వెలుగుని కొద్దిగా సర్దితే సరిపోయింది.

తర్వాత చూపు. నల్లగుడ్డుని కంటి నడిమికి తెస్తే చాలనుకుంటాం. నేనూ మొదట అదే చేశాను, ఆవిడ ఇంకా పక్కకే చూశారు. దీన్ని 1824లోనే విలియం హైడ్ వొలాస్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త బొమ్మలతో చూపించాడు: అవే కళ్లను వేరే వైపు తిరిగిన ముఖంలో పెడితే చూపు దిక్కు మారినట్టు కనబడుతుంది. మనం చూపుని కళ్లని బట్టే కాదు, ముక్కు ఎటుందో దాన్ని బట్టి కూడా లెక్కకడతాం. పెద్దావిడ ముఖం కాస్త ఎడమకి తిరిగి ఉంది. ఆ ముఖం కెమెరాని చూడాలంటే నల్లగుడ్డు నడిమిని దాటి కుడికి రావాలి.

ఎంత రావాలి? పెద్దవాళ్లలో నల్లగుడ్డు వెడల్పు దాదాపు 12 మిల్లీమీటర్లు. ఈ ఫొటోలో అది 42 పిక్సెళ్లు పట్టింది, అంటే మిల్లీమీటరుకి మూడున్నర. నల్లగుడ్డు ఒక మిల్లీమీటరు జరిగితే చూపు అయిదారు డిగ్రీలు తిరుగుతుంది. ఏడు పిక్సెళ్లు జరిపితే సరిపోయింది. ముందు పాత మెరుపుని తుడిచి, నల్లగుడ్డుని గుండ్రంగా ఎంచి Ctrl+J తో కొత్త పొర మీదికి తీసుకుని, రెండు కళ్లలోనూ అంతే దూరం జరిపాను. పై రెప్ప నల్లగుడ్డు అంచుని కొంచెం కప్పాలి, లేదంటే మనిషి ఉలిక్కిపడ్డట్టుంటుంది. ఖాళీ అయిన చోట అచ్చ తెలుపు పూయకూడదు. తెల్లగుడ్డు నిజానికి బూడిద, గులాబీ కలిసిన రంగు, పై రెప్ప కింద ఇంకా నీడగా ఉంటుంది.

చివర్న మెరుపు. పక్కనే కూర్చున్నావిడ కంట్లోంచి ఆ చతురస్రాన్ని కాపీ చేసి, అదే రెండు గంటల చోట పెట్టాను. గ్రూపులో ఈ చివరివాళ్లకీ ఆ చివరివాళ్లకీ దీపం కొద్దిగా వేరే కోణంలో కనబడుతుంది, అందుకే దగ్గరివాళ్ల కన్నే కొలబద్ద.

అదే దీపం కింద తీసిన ఇంకో ఫ్రేము నుంచి ముఖం తెచ్చినప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. మెరుపు సరిగ్గానే ఉంది కదా అని, నల్లగుడ్డుతో పాటు దాన్నీ అంతే దూరం లాగేస్తారు. దీపం కదల్లేదు, కన్నే తిరిగింది. నిజమైన కంట్లో నల్లగుడ్డు ఆరు పిక్సెళ్లు జరిగితే మెరుపు దాదాపు మూడే జరుగుతుంది. అందుకే రెండిటినీ వేర్వేరు పొరల మీద ఉంచుకోవాలి.

అంతా అయ్యాక ఫొటోని అద్దంలోలాగా అడ్డంగా తిప్పి, ప్రింటు సైజుకి తగ్గించి చూస్తాను. పెద్దది చేసి చూస్తున్నప్పుడు కంటికి ఆనని మెల్లకన్ను అప్పుడు బయటపడుతుంది. నల్లగుడ్డుని మూడు మిల్లీమీటర్లకి మించి జరపాల్సి వస్తే మాత్రం నేను ఆ పని పెట్టుకోను. అంత దూరం తిరిగిన కన్నుతో పాటు రెప్ప వంపు కూడా మారుతుంది, దాన్ని బ్రష్‌తో నమ్మేలా గీయడం కష్టం. ఆ పూట తీసిన ఫ్రేములన్నీ మళ్లీ ముందేసుకుని, ఆవిడ కెమెరాని చూసింది ఒక్కటైనా ఉందేమోనని వెతుకుతాను.