మీ ఎనిమిదా, మా ఎనిమిదా?

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన టీముకు డాలస్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. మంగళవారం పొద్దున 8 గంటలకు, సీఎస్‌టీ, చిన్న మీటింగ్ ఉంది, అందరూ రండి. అందులో ఉన్నది అంతే. అప్పుడు మార్చి రెండో వారం. మాదాపూర్ ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో ఉన్న ఇద్దరు దాన్ని మన టైములోకి మార్చి చూసుకున్నారు. ఒకరు కంప్యూటర్లో ‘సీఎస్‌టీ’ అని వెతికితే సాయంత్రం 7:30 అని వచ్చింది. రెండోవారు ‘డాలస్’ అని వెతికితే 6:30 అని వచ్చింది. ఆరున్నరకు సగంమంది ఫోన్ లైన్లో కూర్చుని మిగతా సగం కోసం ఎదురుచూశాం. ఏడున్నరకు మిగతావాళ్లు వచ్చేసరికి డాలస్‌వాళ్లు ఇంకో మీటింగులో ఉన్నారు.

ఆ ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పలేదు, రాసినాయన వాడిన మాటలోనే తిరకాసు ఉంది. సీఎస్‌టీ అంటే అమెరికా మధ్య ప్రాంతపు మామూలు టైము. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. మళ్లీ నవంబర్ మొదటి ఆదివారం వరకూ డాలస్‌లో నడిచేది సీడీటీ. జనం మాత్రం అలవాటు కొద్దీ ఏడాది పొడుగునా సీఎస్‌టీ అనే రాస్తారు. పైగా చైనా టైమునూ సీఎస్‌టీ అనే అంటారు. మన ఐఎస్‌టీ కూడా ఏమంత ఏకచ్ఛత్రాధిపత్యం కాదు, ఐర్లండ్, ఇజ్రాయెల్ కూడా ఆ మూడక్షరాలే వాడుకుంటాయి. అందుకని ఊరి పేరు రాయడం మేలు. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్ లోపల కూడా ఊళ్ల పేర్లే ఉంటాయి. `Asia/Kolkata`, `America/Chicago` అని ఎంచుకుంటే ఎండాకాలం, చలికాలం తేడాలు అదే చూసుకుంటుంది.

ఒక మీటింగ్ అడిగే ఉత్తరం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. హైదరాబాద్‌లో అయిదుగురు, లండన్‌లో ఒకరు, డాలస్‌లో ఇద్దరు ఉన్న టీము. లండన్ కస్టమర్ల బిల్లింగ్ సిస్టమ్‌ను పాత సర్వర్ల నుంచి కొత్తవాటికి మార్చాలి. అనుకున్న తేదీ 2026 మార్చి 28, శనివారం రాత్రి. దానిమీద ఒకసారి అందరూ కలిసి తేల్చుకోవాలి. ఉత్తరం రాసేది హైదరాబాద్ టీమ్ లీడ్, పంపేది మార్చి 12, గురువారం. ముందు ఆమె దేశాల మధ్య తేడాలు రాసుకుంటుంది.

హైదరాబాద్‌కూ డాలస్‌కూ ఆ వారం తేడా పదిన్నర గంటలు. దీనికో చిట్కా ఉంది. మన రాత్రిని వాళ్ల పొద్దుగా మార్చి గంటన్నర కలిపితే చాలు. మనకు రాత్రి 8:30 అయితే వాళ్లకు అదే రోజు పొద్దున 10. మన పొద్దున 7 గంటలైతే వాళ్లకు ముందురోజు రాత్రి 8:30. అమెరికా గడియారాలు వెనక్కి జరిగే చలికాలంలో గంటన్నర బదులు అరగంటే కలపాలి. లండన్ వెనకబడేది అయిదున్నర గంటలు. అయితే లండన్ గడియారం జరిగేది మార్చి చివరి ఆదివారం, అంటే 29న. అమెరికా 8వ తేదీనే జరిపేసింది. ఈ మధ్య మూడు వారాలు లండన్‌కూ డాలస్‌కూ ఎప్పుడూ ఉండే ఆరు గంటల తేడా కాస్తా అయిదు గంటలు అవుతుంది. కంఠతా వచ్చిన లెక్కలు బోల్తా కొట్టేది ఈ వారాల్లోనే.

తర్వాత పంచాంగం చూడాలి. మార్చి 19, గురువారం ఉగాది. బుధవారం సాయంత్రానికే కొందరు ఊళ్లకు బయల్దేరతారు. రంజాన్ నెల చివరి రోజులు కూడా అవే. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో పొద్దు గుంకేది దాదాపు ఆరున్నరకు. డాలస్‌వాళ్లకు ఎంతో అనువైన పొద్దున 8 గంటలు ఇక్కడ సరిగ్గా ఇఫ్తార్ వేళ. ఉపవాసం ఉన్న మనిషి మొహమాటానికి ‘ఫర్వాలేదు, వస్తాను’ అంటాడు. అనిపించుకోకుండా ఉండటం అడిగేవాళ్ల చేతుల్లో ఉంది.

ఇవన్నీ చూసుకున్నాక ఆమె ఉత్తరం ఇలా వెళ్తుంది. అసలుది ఇంగ్లీషులోనే ఉంటుంది, మన కోసం తెలుగులో:

> అందరికీ నమస్కారం. బిల్లింగ్ సిస్టమ్‌ను మార్చి 28 రాత్రి మార్చాలా, ఏప్రిల్ 11 రాత్రికి వాయిదా వేయాలా అన్నది తేల్చడానికి 40 నిమిషాల మీటింగ్ కావాలి.
>
> తేల్చాల్సినవి రెండు. ఒకటి, తేదీ (25 నిమిషాలు). లండన్ గడియారం మారేది ఆ రాత్రే, మన రాత్రి పనులు దాన్ని తట్టుకుంటాయా? రెండు, మధ్యలో ఏదైనా చెడితే ‘వెనక్కి వెళ్దాం’ అని చెప్పే అధికారం ఎవరిది (15 నిమిషాలు). సర్వర్ల ఖర్చు గురించి ఇందులో మాట్లాడం.
>
> వీలున్న సమయాలు మూడు:
> మొదటిది, మార్చి 17 మంగళవారం: హైదరాబాద్ సాయంత్రం 5:30, లండన్ మధ్యాహ్నం 12:00, డాలస్ పొద్దున 7:00.
> రెండోది, అదే మంగళవారం: హైదరాబాద్ రాత్రి 8:30, లండన్ మధ్యాహ్నం 3:00, డాలస్ పొద్దున 10:00.
> మూడోది, మార్చి 18 బుధవారం: హైదరాబాద్ రాత్రి 7:30, లండన్ మధ్యాహ్నం 2:00, డాలస్ పొద్దున 9:00.
>
> మీకు కుదరనివి ఏవో శుక్రవారం, అంటే 13వ తేదీ, హైదరాబాద్ రాత్రి 9:00 (లండన్ 3:30, డాలస్ పొద్దున 10:30) లోగా చెప్పండి. ఏమీ చెప్పకపోతే మూడూ కుదురుతాయని అనుకుంటాను. ఆ వెంటనే ఒకే ఇన్వైట్ పంపుతాను.
>
> ముందుగా చేయాల్సినవి: రెండు పేజీల నోట్ జత చేశాను, అందరూ చదవండి, పది నిమిషాలు పడుతుంది. లండన్: శనివారం అర్ధరాత్రి నుంచి ఆదివారం తెల్లవారుజామున 3 వరకు నడిచే పనుల జాబితా. డాలస్: మొన్నటి రిహార్సల్లో పాత సర్వర్లకు తిరిగి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ అంకె. రెండూ సోమవారం డాలస్ సాయంత్రం 5:00 లోగా నోట్‌లోనే రాయండి. ఇక్కడ మేం మంగళవారం పొద్దున రాగానే చూస్తాం.

ఇందులో ఎజెండా చూడండి. ‘మైగ్రేషన్ గురించి చర్చ’ అని రాసి ఉంటే ఎనిమిదిమందీ ఎనిమిది విషయాలు మనసులో పెట్టుకుని వచ్చేవారు. ప్రశ్నగా అడిగేసరికి జవాబు వచ్చిందా లేదా అన్నది చివర్లో ఇట్టే తెలుస్తుంది. ఆ ప్రశ్న కూడా ఊరికే పుట్టలేదు. మార్చి 29 ఆదివారం లండన్‌లో రాత్రి ఒంటిగంట కాగానే గడియారం రెండుకు దూకుతుంది. ఒకటిన్నరకు నడవాలని పెట్టిన పని ఉంటే, ఆ రోజు ఒకటిన్నర అనే ఘడియే ఉండదు. ఆ పని ఎగిరిపోతుందో, ఆలస్యంగా నడుస్తుందో వాడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. కొత్త సర్వర్లకు మారే రాత్రే ఇది జరిగితే, బిల్లులు తప్పిన కారణం సర్వర్లదా, గడియారానిదా అని వెతుక్కోవాలి. ఏప్రిల్ 4 అని ఎందుకు అనలేదంటే, 5వ తేదీ ఈస్టర్. లండన్‌లో సెలవులు, పక్కన నిలబడే మనిషి దొరకడు.

‘ఖర్చు గురించి మాట్లాడం’ అన్న వాక్యం కొందరికి పెడసరంగా అనిపించవచ్చు. నాకైతే ఉత్తరం మొత్తంలో అదే ఎక్కువ పనికొచ్చే వాక్యం. దూరపు ఊళ్లవాళ్లు వారానికోసారి దొరికినప్పుడు ఎవరి మనసులో నలుగుతున్నది వాళ్లు బయట పెట్టాలని చూస్తారు. అది వాళ్ల తప్పు కాదు. దీనికి ఇది చోటు కాదని ముందే చెబితే వాళ్లు ఇంకో చోటు వెతుక్కుంటారు.

ఇక సమయాలు. చాలామంది ఇచ్చే మూడు వీలులూ నిజానికి ఒకటే: మంగళవారం 5, 5:30, 6. పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపాల్సిన డాలస్ మనిషికి మూడూ కుదరవు. పైన ఇచ్చినవాటిలో మొదటిది డాలస్‌వాళ్ల పొద్దుటి నిద్రను తీసుకుంటుంది, రెండోది హైదరాబాద్‌వాళ్ల రాత్రి భోజనాన్ని. మూడోదానికి పండగ ముందటి రోజు అడ్డం. మొదటిదానికి ఇంకో గుణం ఉంది: 40 నిమిషాలే కాబట్టి 6:10కి అయిపోతుంది, ఉపవాసం ఉన్నవారు ఇఫ్తార్‌కు అందుకోవచ్చు. అందుకే గంట అని పెట్టలేదు. లండన్ మనిషికి మాత్రం మూడూ మధ్యాహ్నాలే. భూమి మీద మధ్యన ఉన్నవాడి అదృష్టం అది. ఏ టీములోనైనా ఈ నడిమి ఊరివాళ్లు మీటింగ్ నోట్సు రాసే పని తీసుకుంటే లెక్క కొంత సరిపోతుందని నా అభిప్రాయం.

‘కుదిరేవి చెప్పండి’ అనకుండా ‘కుదరనివి చెప్పండి’ అనడంలో కిటుకు ఉంది. కుదిరేవాళ్లు జవాబివ్వడం మర్చిపోతారు, కుదరనివాళ్లు మర్చిపోరు. మౌనం అంటే ఏమిటో ముందే రాసి ఉంచితే మళ్లీ గుర్తుచేసే మెయిళ్లు తప్పుతాయి. గడువుకు కూడా టైము ఉండాలి. ‘శుక్రవారం సాయంత్రంలోగా’ అంటే మన సాయంత్రానికి డాలస్‌లో అప్పుడే తెల్లవారుతుంది. వాళ్లకు పొద్దున పదిన్నర దాకా ఇస్తే, ఆఫీసుకు వచ్చి మెయిల్ చూసుకుని జవాబిచ్చే వ్యవధి ఉంటుంది. ముందస్తు పనుల గడువులో ఈ తేడా లాభానికే పనిచేస్తుంది. సోమవారం డాలస్ సాయంత్రం 5 అంటే మనకు మంగళవారం తెల్లవారుజామున 3:30. వాళ్లు ముగించి ఇంటికెళ్లిన పని మనం వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది.

ఇన్వైట్ విషయంలో ఒక జాగ్రత్త. మూడు సమయాలకూ మూడు ఇన్వైట్లు పంపి, తర్వాత రెండు తీసేస్తాననుకుంటే ఎవరో ఒకరు తీసేసినదానికి హాజరవుతారు. తేలాక ఒక్కటే పంపాలి. ఇది వారం వారం జరిగే మీటింగైతే ఏ ఊరి టైములో పెట్టామన్నది కూడా చూడాలి. హైదరాబాద్ టైములో పెడితే మనకు ఏడాదంతా అదే వేళ. నవంబర్లో డాలస్‌వాళ్లకు మాత్రం 10 గంటల మీటింగ్ 9 అవుతుంది. డాలస్ టైములో పెడితే మన 8:30 కాస్తా 9:30 అవుతుంది. గడియారం మార్చుకోని దేశంలో ఉన్నాం కాబట్టి ఆ జరుగుడు మనకు గుర్తుండదు.

ఇలాంటి ఉత్తరానికి జవాబులు ఎలా వస్తాయో కూడా అనుకుందాం. డాలస్‌లో ఒకరు మొదటి సమయమే కావాలంటారు, పది గంటలకు వేరే పని ఉంది కాబట్టి. బుధవారం వద్దని హైదరాబాద్ నుంచి ఇద్దరు రాస్తారు. మొదటిది ఖాయం. లండన్ మనిషి జాబితా సోమవారం మధ్యాహ్నమే నోట్‌లోకి వస్తుంది, అందులో రాత్రి ఒకటిన్నరకు నడిచే పని ఒకటి కనిపిస్తుంది: కస్టమర్లకు బిల్లులు పంపేది అదే. దాని కింద ఆయన ఒక్క వాక్యం రాస్తాడు, ఏప్రిల్ 11కే వెళ్దామని. మిగిలినవాళ్లు మీటింగుకు ముందే దానికింద సరేనని రాసేస్తారు. మంగళవారం ఇక మాట్లాడాల్సింది రెండో ప్రశ్నే. పొద్దున 7కు లేచిన డాలస్‌వాళ్లు 7:20కి లైన్ వదిలి కాఫీ పెట్టుకోవడానికి వెళ్లిపోతారు.