అయిదేళ్లు దాటాక... పాత కథ తవ్వకూడదు!

అర్ధరాత్రి ఛాతీలో నొప్పి అంటూ పెద్దాయన్ని ఆస్పత్రికి తీసుకొస్తారు. డ్యూటీ డాక్టరు పక్కనున్న కొడుకుని అడుగుతాడు, ‘నాన్నగారికి బీపీ ఉందా? ఎప్పట్నుంచి?’ అని. కంగారులో ఉన్న కొడుకు ‘ఉందండీ, పదేళ్ల నుంచీ ఉందనుకుంటా’ అంటాడు. డాక్టరు దాన్నే కేసు షీటులో ఒక్క లైనుగా రాస్తాడు. బీపీకి హెచ్‌టీఎన్, పక్కన పది సంవత్సరాలు. అంతే.

ఆ ఒక్క లైనే మూడు వారాల తర్వాత బీమా సంస్థ ఉత్తరంలో ప్రత్యక్షమవుతుంది. ‘పాలసీ తీసుకునేనాటికే మీకు బీపీ ఉంది. ప్రపోజల్ ఫారంలో లేదని రాశారు. కాబట్టి మీ క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం’ అని. ఏడేళ్లుగా ఏటా క్రమం తప్పకుండా ప్రీమియం కట్టినవాళ్లకు ఇది చదివితే కాళ్ల కింద నేల కదిలినట్లే ఉంటుంది.

సరిగ్గా ఇలాంటి ఉత్తరానికి జవాబుగా పనికొచ్చే నిబంధన ఒకటి ప్రతి ఆరోగ్య బీమా పాలసీలోనూ ఉంటుంది. దాని పేరు మారటోరియం. బ్యాంకు రుణాల దగ్గర వినే మారటోరియానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ వాయిదా కట్టక్కర్లేని కాలం అది. ఇక్కడేమో, ఇంత కాలం దాటాక బీమా సంస్థ వెనక్కి తిరిగి మీ పాత ఫారం తవ్వడానికి వీల్లేదని చెప్పే గడువు.

ఎనిమిది నుంచి అయిదుకు

అన్ని ఆరోగ్య పాలసీల్లోనూ ఒకే తీరు నిబంధనలుండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిబంధనల్లోనే మారటోరియమూ ఉంది. అప్పట్లో గడువు ఎనిమిదేళ్లు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నిబంధనలు దాన్ని 60 నెలలకు, అంటే అయిదేళ్లకు తగ్గించాయి.

సారాంశం ఇదీ. పాలసీ 60 నెలలు తెగకుండా నడిస్తే, ఆ తర్వాత ‘ఫలానా సంగతి చెప్పలేదు’, ‘తప్పు చెప్పారు’ అన్న కారణాలతో సంస్థ పాలసీని గానీ క్లెయిమ్‌ని గానీ ప్రశ్నించకూడదు. ఒకే ఒక్క మినహాయింపు... మోసం. అదీ రుజువైన మోసం.

జీవిత బీమాలో ఇలాంటి రక్షణ ఎప్పట్నుంచో ఉంది. బీమా చట్టంలోని 45వ సెక్షను ప్రకారం, 2015లో చేసిన సవరణ తర్వాత, మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి లేదు. మోసం పేరుతోనైనా సరే. ఆరోగ్య బీమా అంత ఉదారంగా లేదు. అక్కడ అయిదేళ్లు ఆగాలి, మోసం తలుపు తెరిచే ఉంటుంది.

లెక్క ఎక్కణ్నుంచి?

చాలామంది పొరపడేది ఇక్కడే. మొదటి పాలసీ తీసుకున్న రోజు నుంచి అయిదేళ్లు గడిస్తే చాలు, మొత్తం బీమాకి రక్షణ వచ్చేసినట్లేననుకుంటారు. కానీ గడువు నడిచేది బీమా మొత్తాన్ని బట్టి. మధ్యలో మొత్తం పెంచుకుంటే, పెంచిన భాగానికి గడియారం మళ్లీ మొదట్నుంచీ మొదలవుతుంది.

ఉదాహరణకి ఖమ్మంలో ఒక బట్టల దుకాణం యజమాని ఉన్నారనుకుందాం. 2018 ఆగస్టు 10న 3 లక్షల పాలసీ తీసుకున్నారు. అప్పటికి రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఆ సంగతి చెబితే ఏజెంటు ‘బీపీ ఎవరికి లేదు సార్, అవన్నీ రాస్తే లేనిపోని టెస్టులు అడుగుతారు’ అంటూ ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టేశాడు. ఆయన సంతకం చేసేశారు. కరోనా తర్వాత ఆస్పత్రి బిల్లులు చూసి భయపడి 2022 ఆగస్టు 10 రెన్యువల్‌లో పాలసీని 10 లక్షలకు పెంచుకున్నారు. ఆ ఫారంలోనూ బీపీ మాట లేదు. 2025 నవంబరులో గుండెకు బైపాస్ అయింది. బిల్లు 6 లక్షల 40 వేలు. కేసు షీటులో బీపీ సంగతి బయటపడింది.

ఇప్పుడేం జరగాలి? మొదటి 3 లక్షలకు 60 నెలలు 2023 ఆగస్టుకే నిండాయి. ఆ మేరకు బీపీ చెప్పలేదన్న సాకు చెల్లదు. సంస్థ ఇవ్వాల్సిందే. మిగిలిన 3 లక్షల 40 వేలు మాత్రం 2022లో పెంచిన 7 లక్షల్లోంచి రావాలి. ఆ భాగానికి సర్జరీ నాటికి గడిచింది 39 నెలలే. 60 నిండేది 2027 ఆగస్టులో. కాబట్టి దాని మీద సంస్థ పేచీ పెట్టవచ్చు. ఆ పేచీ నిలుస్తుందా లేదా అన్నది వేరే వాదన. కానీ మారటోరియం ఆయన్ని అక్కడ కాపాడదు. మొత్తం బిల్లునే తిరస్కరిస్తూ ఉత్తరం వస్తే మాత్రం అందులో సగానికి దగ్గరగా ఉన్న భాగం నిబంధనకు విరుద్ధమే.

ఏజెంటు రాశాడన్న మాట ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఫారం మీద సంతకం పాలసీదారుది. పాలసీ కాగితాలతో పాటు వచ్చే ఫారం నకలును ఒక్కసారి తిరగేస్తే టిక్కులెక్కడ పడ్డాయో తెలిసిపోతుంది. కానీ చదివేదెవరు? ప్రీమియం రసీదు తీసి, మిగతావి బీరువాలో పెట్టేస్తాం. మొత్తం పెంచుకునేటప్పుడైనా ఉన్న సంగతి ఉన్నట్లు రాసి ఉంటే, ఆ దుకాణం యజమానికి మహా అయితే కాస్త ఎక్కువ ప్రీమియమో, కొంతకాలం నిరీక్షణో పడేది. 3 లక్షల 40 వేల పేచీ ఉండేది కాదు.

తెగకూడదు

‘తెగకుండా’ అన్న మాట మీదే మొత్తం నిబంధన నిలబడి ఉంది. ఏటా ఒకేసారి కట్టేవాళ్లకు గడువు తేదీ తర్వాత 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆలోగా కడితే పాలసీ తెగనట్లే లెక్క. ఏడాదికోసారి కట్టేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ మధ్య రోజుల్లో ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు రాకపోవచ్చు. గ్రేస్ కూడా దాటిందా, కట్టిన నెలలన్నీ నీళ్ల పాలే. మళ్లీ సున్నా నుంచి.

సంస్థ మారితే తెగినట్లు కాదు. పోర్టబిలిటీ పద్ధతిలో మారితే పాత సంస్థలో గడిపిన నెలలూ కలుస్తాయి, పాత బీమా మొత్తం మేరకు. అయితే రెన్యువల్‌కు నెలన్నర ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. పాత పాలసీ వదిలేసి, కొత్త సంస్థలో ‘కొత్త’ పాలసీ కొనుక్కుంటే మాత్రం పాత నెలలు రావు. ప్రీమియం తక్కువని ఎవరైనా మారమని చెబితే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: పోర్టబిలిటీనా, కొత్త పాలసీనా?

కుటుంబమంతటికీ ఒకే పాలసీ ఉన్నా, మధ్యలో చేర్చినవాళ్ల లెక్క వాళ్లు చేరిన రోజు నుంచే. కొడుక్కి పెళ్లయ్యాక చేర్చిన కోడలికి మామగారి పదేళ్లు రావు.

మోసం అంటే?

మర్చిపోవడం, తెలియకపోవడం మోసం కాదు. పాలసీ నిబంధనల ప్రకారం మోసమంటే సంస్థను బురిడీ కొట్టించే ఉద్దేశంతో తెలిసీ అబద్ధం చెప్పడం, తెలిసిన సంగతిని పనిగట్టుకుని దాచడం. తనకు తెలిసినంతలో నిజమే రాశానని, దాచే ఉద్దేశం లేదని పాలసీదారు చూపగలిగితే మోసం పేరుతో తిరస్కరించడానికి వీల్లేదని అదే నిబంధనల్లో ఉంది.

ఎప్పుడో ఒకసారి బీపీ ఎక్కువ చూపించిందని విని వదిలేసిన మనిషి సంగతి వేరు. స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చి, పక్క నెలలో ‘గుండె జబ్బు లేదు’ అని సంతకం పెట్టి పాలసీ తీసుకున్న మనిషి సంగతి వేరు. రెండో ఆయన అయిదేళ్లు ఎదురుచూసినా నిశ్చింతగా ఉండలేడు. ఆస్పత్రి పాత రికార్డు దొరికితే సంస్థ మోసం కిందే వాదిస్తుంది. దొంగ బిల్లుల సంగతి చెప్పక్కర్లేదు. మన దుకాణం యజమాని ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంటారు. ఒక బీపీ మాత్ర చెప్పనంత మాత్రాన మోసమని సంస్థ ఉత్తరంలో రాసేస్తే సరిపోదు, దురుద్దేశాన్ని చూపాలి.

ఉత్తరంలో ఏముందో చూడండి

తిరస్కరణ వచ్చినప్పుడు ముందు చూడాల్సింది కారణం. ‘వివరాలు వెల్లడించలేదు’, ‘తప్పుడు సమాచారం’ అని ఉంటే మారటోరియం పనికొస్తుంది. ‘ఈ చికిత్స పాలసీలో లేదు’ అని ఉంటే పనికిరాదు. గది అద్దె పరిమితి, కో-పే, ఒక్కో చికిత్సకు విధించిన పరిమితులు అయిదేళ్లయినా, పదిహేనేళ్లయినా ఉంటాయి. వాటి మేరకు కోత పడితే మారటోరియం గురించి ఎంత వాదించినా లాభం లేదు. అలాగే ముందునుంచే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం వేరే లెక్క. అది ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు. చెప్పిన జబ్బుకు ఎప్పట్నుంచి డబ్బిస్తారో నిరీక్షణ కాలం చెబుతుంది. చెప్పని సంగతిని ఎప్పటిదాకా తవ్వవచ్చో మారటోరియం చెబుతుంది.

కారణం మొదటి రకమైతే, మొదటి పాలసీ నుంచి ఇప్పటిదాకా ప్రతి ఏటి షెడ్యూలు నకళ్లు ఒకచోట చేర్చాలి. ఏ ఏడాది ఎంత మొత్తమో వాటిలోనే ఉంటుంది. సంస్థ మారి ఉంటే పాత సంస్థ కాగితాలూ కావాలి. వాటిని జతచేసి, 60 నెలలు ఎప్పుడు నిండాయో తేదీతో సహా రాసి, సంస్థలోని ఫిర్యాదుల అధికారికి పంపాలి. 2024 మేలో వచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిముల సమీక్ష సంఘం ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదు. ఏ నిబంధన కింద తిరస్కరించారో కూడా చెప్పాలి. ఆ రెండూ జరిగాయా అని అదే ఉత్తరంలో అడగవచ్చు. ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు, కాగితం మీదో ఈమెయిల్లోనో ఉండాలి. ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. సంస్థ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. 50 లక్షల రూపాయల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు యానాం వాళ్లకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే. అయితే అదే వివాదంపై అప్పటికే వినియోగదారుల కమిషన్‌కో కోర్టుకో వెళ్లి ఉంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. ఎటు వెళ్లాలో ముందే తేల్చుకోవాలి.